పొగ, మంట సిమ్యులేషన్: రిజల్యూషన్ పెంచాలా, నాయిస్ వేయాలా?

కుంపటి_నిప్పు

బ్లెండర్‌లో ఒక ఇనుప కుంపటి మంట చేస్తున్నాను. డొమైన్ 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు, 4 మీటర్ల ఎత్తు. కట్టెల కుప్ప 40 సెంటీమీటర్లు. రిజల్యూషన్ 64 పెట్టి చూసినప్పుడు మంట ఎడమకు వాలి, పైన రెండు పాయలుగా చీలింది. ఆ కదలిక నాకు ఎంతో నచ్చింది. మిగతా ఏదీ మార్చకుండా 256 పెట్టి రాత్రంతా బేక్ చేశాను. తెల్లవారి చూస్తే అది వేరే మంట, ఆ వాలు లేదు, ఆ చీలిక లేదు. వివరం కావాలంటే అసలు రిజల్యూషన్ పెంచాలా, తక్కువలోనే ఉంచి నాయిస్ వేయాలా? ఇంకొక సందేహం: కాష్‌లోని వీడీబీ ఫైళ్లను మరో ఫైలులోకి తెచ్చుకుంటే పొగ కనిపిస్తోంది, మంట మాత్రం లేదు.

గాలివాటు

నాయిస్ వేయండి. కదలిక నచ్చిందంటే దాన్ని ఇక కదిలించకూడదు.

64లో మీరు చూసింది 256లో రాబోయే మంటకు మసక రూపం కాదు. గడి పెద్దదైతే గడి కంటే చిన్న సుడులన్నీ లెక్కలోకి రాకుండానే కరిగిపోతాయి. అందుకే తక్కువ రిజల్యూషన్ పొగ పాకం లాగా మందంగా కదులుతుంది. గడి చిన్నదైతే ఆ సుడులు బతుకుతాయి, పక్కవాటిని తోస్తాయి, నాలుగైదు ఫ్రేముల్లోనే ప్రవాహం మరో దారి పడుతుంది. ఇది లోపం కాదు, ప్రవాహాల స్వభావమే అంత.

నాయిస్ పని వేరు. అది 2008లో వచ్చిన వేవ్‌లెట్ టర్బులెన్స్ పద్ధతి మీద నడుస్తుంది. అడుగున బేక్ అయిన వేగాన్ని అలాగే ఉంచి, దాని మీద చిన్న సుడులను కలుపుతుంది. ఒత్తిడి లెక్క మళ్లీ చేయదు కనుక చవక కూడా. కాష్ రకాన్ని `Modular`కు మార్చి, `Is Resumable` ఆన్ చేసి, ముందు `Bake Data` చేయండి, కదలిక ఖాయం అనుకున్నాక `Bake Noise` చేయండి. నాయిస్ నచ్చకపోతే అది ఒక్కటే తుడిచి మళ్లీ వేసుకోవచ్చు, అడుగు డేటా చెక్కుచెదరదు. `Replay`లో ఉంచితే మాత్రం ఒక అంకె తాకినా కాష్ మొదటి నుంచి మొదలవుతుంది.

నిలువు_జ్వాల

గాలివాటు గారు చెప్పింది పొగకు సరిపోతుంది. మంటకు సరిపోదని నా గట్టి అభిప్రాయం.

పొగలో కంటికి ఆనేది మేఘం లాంటి ముడతలు. వాటిని నాయిస్ బాగానే ఇస్తుంది. మంటలో కంటికి ఆనేది నాలుక, దాని పదునైన అంచు, అంచు నుంచి తెగిపోయే చిన్న ముక్క. ఆ నాలుక ఇంధనం ఎక్కడ మండుతోంది, ఆ వేడి గాలిని ఎంత వేగంగా పైకి లాగుతోంది అన్నదాని నుంచి పుడుతుంది. ఆ పుట్టుక అడుగు గ్రిడ్‌లోనే జరగాలి. 64లో మీ గడి 6.25 సెంటీమీటర్లు, అంటే 40 సెంటీమీటర్ల కట్టెల కుప్ప అడ్డంగా ఆరు గడులే. ఆరు గడుల్లో నాలుక ఎక్కడి నుంచి వస్తుంది? దాని మీద నాయిస్ వేస్తే ఉండలు ఉండలుగా ఉడికే మంట వస్తుంది. బలం పెంచేకొద్దీ మరీ స్పష్టంగా ఉడుకుతుంది. ఒక ఫ్రేము చూస్తే బాగానే ఉంటుంది, వరుసగా ఆడించి చూడండి.

నా లెక్కలో దగ్గరి షాట్ మంటకు మండే వస్తువు అడ్డంగా కనీసం పాతిక గడులు ఉండాలి. మీ డొమైన్‌లో అది 256. గడి 1.56 సెంటీమీటర్లు, కుప్ప అడ్డంగా పాతిక పైచిలుకు గడులు. కదలిక మారితే కొత్త కదలికనే దిద్దుకోవాలి.

పొగచూరు

నేను 128, 256 రెండూ రెండర్ చేసి పక్కపక్కన పెట్టి చూశాను, వెంట్రుకవాసి తేడా కూడా లేదు. రిజల్యూషన్ మీద ఇంత సమయం ఎందుకు పోయడం? 128 చాలు, మిగతాది షేడర్‌లో చూసుకోవచ్చు.

గాలివాటు

పొగచూరు గారూ, రెండర్ ఈవీలో చేశారా?

పొగచూరు

అవును, ఈవీలోనే.

గాలివాటు

అయితే మీ కన్ను తప్పు చెప్పలేదు, కారణం మాత్రం సిమ్యులేషన్‌లో లేదు. ఈవీ వాల్యూమ్‌ను తెర మీద పలకలుగా కోసి లెక్కిస్తుంది. `Tile Size`, కొత్త వెర్షన్లలో `Resolution`, మొదట 8 పిక్సెళ్లు ఉంటుంది. ఆ పలక కంటే చిన్న వివరం ఎంత ఉన్నా అందులోనే కలిసిపోతుంది. దాన్ని 2కు దించి ఆ రెండు కాష్‌లనూ మళ్లీ చూడండి. సైకిల్స్‌లోనూ ఇలాంటిదే ఉంది: వాల్యూమ్ అడుగు పెద్దగా పెడితే 256 బేక్ వృథా.

పొగచూరు

2కు దించి చూశాను. మంట అంచుల్లో తేడా ఉంది, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. రెండర్ సమయం మాత్రం బాగా పెరిగింది.

ఆరని_దీపం

నాది కాష్ గురించిన అనుభవం. ప్రశ్నకు సూటి జవాబు కాకపోయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఫైలు సేవ్ చేయకముందే డొమైన్ పెట్టి బేక్ మొదలుపెట్టాను. కాష్ తాత్కాలిక ఫోల్డర్‌లోకి వెళ్లింది. నాకు ఆ సంగతి తెలియదు. రెండు రోజుల తర్వాత కంప్యూటర్ తిరిగి మొదలుపెడితే డొమైన్ ఖాళీగా ఉంది. మళ్లీ బేక్ చేసి, బ్లెండ్ ఫైలును ఒక రెండర్ ఫార్మ్‌కు పంపాను, అన్నీ ప్యాక్ చేశాననే ధైర్యంతో. ప్యాక్‌లో చిత్రాలు వెళ్తాయి, వీడీబీ కాష్ వెళ్లదు. 200 ఫ్రేములూ మంట లేని కుంపటిలాగా తిరిగి వచ్చాయి. అప్పటి నుంచి బేక్ నొక్కే ముందు డొమైన్‌ను ఎంచుకుని, పైథాన్ కన్సోల్‌లో ఈ నాలుగు వరుసలు నడుపుతున్నాను.

```python
d = bpy.context.object.modifiers["Fluid"].domain_settings
d.cache_type = 'MODULAR'
d.cache_data_format = 'OPENVDB'
d.cache_directory = "//cache/kumpati_256/"
```

ఫోల్డర్ పేరులో రిజల్యూషన్ రాసుకోవడం చిన్న పనే, కానీ రెండు బేక్‌లను పోల్చాలంటే అదే దిక్కు. ఒకే ఫోల్డర్ ఇస్తే రెండోది మొదటిదాన్ని తినేస్తుంది.

నిలువు_జ్వాల

చివరి ఫ్రేము సంగతీ కలపండి. డొమైన్ కాష్‌కు సొంత మొదలు, చివర ఉంటాయి. సీను 300 దాకా ఉన్నా కాష్ 250 దగ్గర ఆగి ఉంటే మంట అక్కడే మాయమవుతుంది.

కుంపటి_నిప్పు

నా 256 కాష్ డిస్క్‌లో సగం తినేసింది. ఇది మామూలేనా?

గాలివాటు

లెక్క వేద్దాం. 64లో మీ పెట్టె 32 × 32 × 64, అంటే 65,536 గడులు. 256లో 128 × 128 × 256, అంటే 41,94,304. అరవై నాలుగు రెట్లు. ఒక్కో గడికి 4 బైట్లు అనుకుంటే ఒక గ్రిడ్ దాదాపు 17 మెగాబైట్లు. వేగానికి మూడు దిశలు కనుక అది ఒక్కటే 50. సాంద్రత, జ్వాల, వేడి, ఇంధనం వేరే. వీడీబీ ఖాళీ గడులను రాయదు కాబట్టి పెట్టె పూర్తిగా నిండే దాకా ఇంత రాదు, కానీ పొగ పైకి చేరేకొద్దీ దగ్గరపడుతుంది.

తగ్గించే మార్గాల్లో మొదటిది `Is Resumable` తీసేయడం. అది ఆన్‌లో ఉంటే ఆపిన బేక్‌ను కొనసాగించడానికి కావలసిన అదనపు డేటా ప్రతి ఫ్రేముకూ రాస్తుంది. నాయిస్ విడిగా బేక్ చేయాలంటే అది ఉండి తీరాలి. రాత్రి మధ్యలో కరెంటు పోయే భయం ఉన్నా ఉంచుకోండి, లేకపోతే వద్దు. రెండోది ప్రెసిషన్ `Full`లో ఉంటే `Half`కు మార్చడం. పొగలో ఆ తేడా నా కంటికి ఎన్నడూ కనబడలేదు.

సమయం మాత్రం అరవై నాలుగు రెట్లతో ఆగదు. గడి చిన్నదైతే అదే వేగం ఒక ఫ్రేములో ఎక్కువ గడులు దాటుతుంది, కాబట్టి ఒక్కో ఫ్రేమును ఎక్కువ అడుగులుగా కోయాల్సి వస్తుంది. `Timesteps Maximum` మొదట 4 ఉంటుంది.

నిలువు_జ్వాల

ఇక్కడే నేను పట్టుబట్టేది. రిజల్యూషన్ అంకె డొమైన్‌లో అన్నిటికంటే పొడవైన వైపును కోస్తుంది. మీ పెట్టెలో ఆ పొడవైన వైపు ఎత్తు, 4 మీటర్లు. మీ మంట ఎంత ఎత్తు?

కుంపటి_నిప్పు

మీటరున్నర ఉంటుంది. పైన పొగ కోసం ఆ ఎత్తు ఉంచాను.

నిలువు_జ్వాల

అంటే లెక్కలో పెద్ద భాగం షాట్‌లో పలచగా కనిపించే పొగకు పోతోంది. పెట్టెను 1.5 × 1.5 × 2.4 మీటర్లకు కుదించి, స్కేల్ అప్లై చేసి, రిజల్యూషన్ 160 పెట్టండి. గడి 1.5 సెంటీమీటర్లు, మీ 256 కంటే కాస్త సన్నం. గడులు 100 × 100 × 160, అంటే 16 లక్షలు, మునుపటిలో ఐదింట రెండు వంతులకు లోపే. డొమైన్ మూల కనిపించే చిన్న ఘనం ఒక గడి కొలత. కట్టె పక్కన దాన్ని చూస్తే లెక్క లేకుండానే తెలుస్తుంది.

గాలివాటు

ఇది మంచి దారి, ఒప్పుకుంటున్నాను. కానీ 2.4 మీటర్ల దగ్గర పొగ కత్తితో కోసినట్టు ఆగుతుంది. షాట్‌లో ఆ అంచు కనిపిస్తే ఏం చేస్తారు?

నిలువు_జ్వాల

షేడర్‌లో ఎత్తును బట్టి సాంద్రతను పలచన చేస్తాను. పై పొగ తప్పనిసరైతే దానికి వేరే డొమైన్, తక్కువ రిజల్యూషన్, అక్కడ మీ నాయిస్.

గాలివాటు

రెండు డొమైన్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. కింది పొగ ఎడమకు వాలితే పైది వాలదు. ఆ అతుకు దాచడం మీరు చెప్పినంత తేలిక కాదు.

ఆరని_దీపం

మంట కనబడకపోవడం గురించి ఎవరూ చెప్పలేదు. అది నాకూ జరిగింది. ప్రిన్సిపుల్డ్ వాల్యూమ్‌లో బ్లాక్‌బాడీ వాడుతున్నారా? అది `temperature` అనే గ్రిడ్ కోసం వెతుకుతుంది. డొమైన్ మీద రెండర్ చేసేటప్పుడు బ్లెండర్ జ్వాల గ్రిడ్ నుంచి దాన్ని తనే లెక్కగట్టి ఇస్తుంది. ఫైలులో అది ఉండదు, `flame` ఉంటుంది. అందుకే పొగ వస్తుంది, నిప్పు రాదు. అట్రిబ్యూట్ నోడ్‌లో `flame` అని రాసి, దాని విలువను కలర్ ర్యాంప్ ద్వారా ఎమిషన్ రంగుకు, నేరుగా ఎమిషన్ బలానికి కలపండి.

నాయిస్ ఫోల్డర్ నుంచి తెచ్చుకుంటే గ్రిడ్ పేరు చివర ఒక తోక ఉండవచ్చు. వాల్యూమ్ ఆబ్జెక్ట్ డేటా ట్యాబ్‌లో గ్రిడ్‌ల జాబితా ఉంటుంది, అక్కడ ఉన్న పేరునే అక్షరం తప్పకుండా రాయండి. వేరే ఎగుమతి మెట్టు ఏదీ లేదు. కాష్ ఫోల్డర్‌లోని `data`, `noise` ఫైళ్లే మీ వాల్యూములు. దిగుమతి చేసేటప్పుడు ఒక్క ఫైలు కాకుండా అన్నీ ఎంచుకుంటే వరుసగా వస్తాయి.

కుంపటి_నిప్పు

`flame` పేరు పెట్టగానే నిప్పు వచ్చింది, ధన్యవాదాలు. పెట్టెను కుదించి 160లో 120 ఫ్రేములు బేక్ చేశాను. నాలుకలు విడివిడిగా లేస్తున్నాయి, అంచు పదునుగా ఉంది. ఎడమ వాలు మాత్రం తిరిగి రాలేదు. గాలి ఫోర్స్ ఫీల్డ్‌ను కాస్త పక్కగా పెట్టి దాన్ని తెప్పించే ప్రయత్నంలో ఉన్నాను.

గాలివాటు

ఆ ఫీల్డ్ బలాన్ని 80లో చూసి తేల్చుకోకండి. 160లోనే మొదటి 40 ఫ్రేములు బేక్ చేసి చూడండి, లేకపోతే మళ్లీ అదే కథ.