నాలుగు ఎగ్స్ వచ్చాయి, అయినా ఇంజెక్షన్ చెయ్యనన్నారు. ఎందుకండీ?

రాజోలు కుర్రాడు: పొద్దున్నుంచి బుర్ర పనిచెయ్యట్లేదండి. మా ఆవిడకి పీసీఓడీ. పోయిన నెల ఒక్క ఎగ్ కూడా పెరగలేదు. ఇవాళ చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి 13వ రోజు స్కానింగ్ చేయిస్తే నాలుగొచ్చాయన్నారు. తీరా డాక్టరుగారేమో ఎగ్ పగలడానికి చేసే రప్చర్ ఇంజెక్షన్ చెయ్యను, ఈ నెల కలవొద్దు అన్నారు. నాలుగుంటే నాలుగింతలు అవకాశం కాదా? ఇంజెక్షన్ కొని ఫ్రిజ్‌లో పెట్టాను. మా ఊరి ఆర్‌ఎంపీగారు చేస్తానంటున్నారు. రాత్రికి చేయించెయ్యనా?

తణుకు ఫార్మసీ: చేయించొద్దు. ఏ టాబ్లెట్, ఎన్ని ఎంజీ, సైజులెంత? అవి రాయండి.

అమలాపురం మాస్టారు: ముందు మాట సరిచేసుకుందాం. స్కానింగ్‌లో కనపడేది ఎగ్ కాదు, ఫాలికిల్. అది నీటితిత్తి. రిపోర్టులో 20 అని ఉంటే తిత్తి అడ్డకొలత 20 మిల్లీమీటర్లని. లోపలి అండం ఆ మిషన్‌కి కనపడనే కనపడదు.

నర్సాపురం వదిన: అందరూ ఎగ్ అనే అంటారు మాస్టారూ, డాక్టర్లతో సహా. మా తోడికోడలు ఎగ్స్ పెరగడానికి లెట్రోజోల్ టాబ్లెట్ వాడింది, ఒక్కటే వచ్చింది, ఒక్కడే పుట్టాడు. లెట్రోజోల్‌కి కవలలు రారు. అయినా అది నిషేధించిన మందు కదా?

తణుకు ఫార్మసీ: 2011లో మన దేశంలో సంతాన చికిత్సకి వాడొద్దన్నారు. 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. కవలలు రారనడం తప్పు. అదే పనికి వాడే క్లోమిఫీన్ కంటే తక్కువ, అంతే.

రాజోలు కుర్రాడు: కుడివైపు 20, 18, 17. ఎడమవైపు 16. గర్భసంచి లోపలి పొర 8. టాబ్లెట్ క్లోమిఫీన్, 3వ రోజు నుంచి 5 రోజులు, రోజుకొకటి. చీటీలో 50 రాశారు. స్ట్రిప్ వెనక 100 అని ఉంది. 50 లేదు, సగం చేసుకోమని షాపులో అన్నట్టు గుర్తు. మేం మొత్తం వేసేశాం.

స్కాన్ గది: ఇదే మీరు మొదట రాయాల్సింది. ఆవిడ ఐదు రోజులూ రెట్టింపు మోతాదు మింగారు. డాక్టరుగారికి ఈ సంగతి తెలియదు. రేపు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే వచ్చే నెల చీటీ తప్పు లెక్క మీద రాస్తారు.

నాలుగు ఎందుకు పెరిగాయంటే, మామూలుగా ఒక ఫాలికిల్ పెద్దదవగానే దాన్నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ మెదడుకి చేరి, ఫాలికిల్స్‌ని పెంచే హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్‌ని తగ్గించమంటుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గితే చిన్నవి ఎండిపోయి ఒక్కటే మిగులుతుంది. క్లోమిఫీన్ ఆ కబురు మెదడుకి అందకుండా అడ్డం పడుతుంది, పైగా ఒంట్లో చాలా రోజులుంటుంది. అందుకే చిన్నవాటికీ మేత అందుతూనే ఉంటుంది. లెట్రోజోల్ ఈస్ట్రోజెన్ తయారీని కొన్నాళ్లు తగ్గిస్తుందే గాని ఆ దారి మూసెయ్యదు. అది ఒంట్లోంచి పోగానే పాత అదుపు మళ్లీ పనిచేస్తుంది.

16, అంతకు మించినవి నాలుగున్నాయి. ఇంజెక్షన్ పడితే సుమారు 36 గంటల్లో నాలుగూ పగలొచ్చు. అన్నీ పిల్లలవుతాయని కాదు, కానీ ముగ్గురు పడితే సగటున 32 వారాల దగ్గరే కాన్పయిపోతుంది. డాక్టరుగారు భయపడింది అందుకే.

నర్సాపురం వదిన: అయితే ఇంజెక్షన్ చేయించకపోతే సరి. కలవొద్దనడం దేనికి?

స్కాన్ గది: వదినగారూ, చాలామంది ఇక్కడే పొరబడతారు. 20 వచ్చిన ఫాలికిల్ ఇంజెక్షన్ కోసం కాచుక్కూర్చోదు, ఫాలికిల్‌ని పగలగొట్టే హార్మోన్ ఎల్‌హెచ్ ఒంట్లో దానంతటదే పెరిగి పగలొచ్చు. కాబట్టి రోజు విడిచి రోజు స్కానింగ్ చేయించి, తిత్తులు ముడుచుకుని గర్భసంచి వెనక కాస్త నీరు కనపడ్డాక ఇంకో రెండు రోజులు ఆగాలి. అసలు కలవకపోవడమే మేలు. ఆగలేకపోతే నిరోధ్ తప్పనిసరి.

అమలాపురం మాస్టారు: ఒక్కటి చిన్నగా మిగిలినా మళ్లీ ప్రమాదమేనా? 14 ఉన్నది పగలదా?

తణుకు ఫార్మసీ: దీని మీద డాక్టర్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు. కొందరు 14 నుంచే లెక్కేస్తారు, కొందరు 16 నుంచి. ఈయనకి ఎలా లెక్కేసినా నాలుగే.

రాజోలు కుర్రాడు: చెప్పడం మర్చిపోయాను. మొన్న రాత్రి కలిశామండి. రిపోర్టు రాకముందు.

స్కాన్ గది: అయితే రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే ఫోన్ చెయ్యండి. వీర్యకణాలు 5 రోజుల వరకు బతకగలవు కాబట్టి అవకాశం లేదనలేం. ఇంజెక్షన్ మాత్రం దగ్గరికి కూడా రానివ్వొద్దు. నెలసరి తప్పితే పరీక్ష చేసుకుని, 6-7 వారాలకి స్కానింగ్‌లో సంచులెన్నో లెక్కపెట్టించుకోండి. వచ్చే నెల 50 నిజంగా 50గానే ఇస్తారో, లెట్రోజోల్ 2.5కి మారుస్తారో, ఆ నిర్ణయం డాక్టరుగారిదే. ఈసారి షాపులోనే స్ట్రిప్ తిప్పి అంకె చదవండి.

రాజోలు కుర్రాడు: సరేనండి, చేస్తున్నాను. ఫ్రిజ్‌లో ఉన్న ఇంజెక్షన్ వెనక్కి తీసుకుంటారా?

తణుకు ఫార్మసీ: చల్లగా ఉంచాల్సిన మందు గడప దాటితే తీసుకోరు.

రాజోలు కుర్రాడు: ఆయ్. థాంక్సండి.