ప్లాట్ ఏడాదికి ఎంత శాతం పెరిగినట్టు? ఎక్సెల్‌లో లెక్క కుదరడం లేదు

వినయ్ (హన్మకొండ, ఇప్పుడు స్టట్‌గార్ట్)

అందరికీ నమస్తే. నేను జర్మనీకి వచ్చి నాలుగు నెలలైంది. 2012 అక్టోబర్‌లో, దసరా పోయిన వారానికి, నాన్న హసన్‌పర్తి దగ్గర 200 గజాల ప్లాట్ 6 లక్షలకు కొన్నారు. మొన్న దసరాకి, అంటే 2024 అక్టోబర్‌లో, ఒకాయన ఇంటికొచ్చి 24 లక్షలకు అడిగి వెళ్లాడు. నా పేరు మీద 18 లక్షల చదువు లోన్ ఉంది, 11 శాతం మిత్తి. ప్లాట్ అమ్మి అది కట్టేద్దామని నేను, వద్దని అన్నయ్య. "12 ఏళ్లలో 300 శాతం పెరిగింది, ఏడాదికి 25 శాతం, 11 శాతం లోన్ కోసం ఎవరైనా భూమి అమ్ముకుంటారా" అంటున్నాడు. నాకు ఆ 25 మీద నమ్మకం కలగడం లేదు. B2లో 6 లక్షలు, B3లో 24 లక్షలు పెట్టి ఇలా కొట్టాను:

```
=(B3/B2)^1/12-1
```

-66,67% అని వచ్చింది. పెరిగిన ప్లాట్‌కి మైనస్ ఏంటో అర్థం కాలేదు. RATE అని కొడితే #NAME? వస్తోంది. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్, అంతా జర్మన్‌లో ఉంది. ఎవరైనా చెప్పగలరా?

రాజు (మంచిర్యాల, మ్యూనిక్)

తమ్మీ, అమ్మితే డబ్బు నీ ఎన్ఆర్ఓ ఖాతాలో వేసుకో. అక్కడి నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు, దానికి పన్ను ఫారాలు కావాలి, సీఏతో చేయించుకో. నేను మా పొలం డబ్బు తెచ్చుకున్నప్పుడు ఒక్క సంతకం తేడా ఉందని బ్యాంకు వాళ్లు మూడు నెలలు తిప్పారు.

వినయ్

రాజన్నా, థాంక్స్. కానీ డబ్బు ఇక్కడికి తేవడం లేదు, లోన్ కూడా వరంగల్‌లోనే. నాకు ఏడాదికి ఎంత శాతం పెరిగిందో ఆ లెక్క తెలిస్తే చాలు.

మహేష్ (కరీంనగర్, బెర్లిన్)

ఆ ^ టోపీ గుర్తుతో చేసే లెక్క పక్కన పెట్టు, అది సుమారుగా చెబుతుంది. జర్మన్ ఎక్సెల్‌లో RATE పేరు ZINS. కామా బదులు సెమికోలన్. ఇది కొట్టు, ఖచ్చితంగా వస్తుంది, నేను పదేళ్లుగా ఇదే వాడుతున్నా:

```
=ZINS(12;0;600000;2400000)
```

వినయ్

#ZAHL! అని వచ్చింది మహేష్ అన్నా.

సుజాత (పరకాల, ఫ్రాంక్‌ఫర్ట్)

వినయ్, నేను రోజంతా ఎక్సెల్‌లోనే ఉంటాను, అకౌంట్స్ పని. ముందు నీ మైనస్ సంగతి. నువ్వు రాసినదాంట్లో ఎక్సెల్ మొదట 24ని 6తో భాగించి 4 తెచ్చింది, దాన్ని 1వ ఘాతానికి పెంచింది, అంటే 4 అలాగే ఉంది, తర్వాత 12తో భాగించి ఒకటి తీసేసింది. 0,33 లోంచి 1 పోతే నీకు కనిపించిన ఆ -66,67% వస్తుంది. ఘాతం గుర్తు భాగహారం కంటే ముందు పని చేస్తుంది కాబట్టి 1/12ని బ్రాకెట్‌లో పెట్టాలి:

```
=(B3/B2)^(1/12)-1
```

జర్మన్ కీబోర్డులో ^ నొక్కగానే తెరమీద ఏమీ కనిపించదు, రెండోసారి నొక్కితే రెండు పడతాయి. ఒక్కసారే నొక్కి స్పేస్ కొట్టు, కనిపిస్తుంది. నా మొదటి వారమంతా ఆ కీ పాడైందనే అనుకున్నాను.

ఇక మహేష్ గారు చెప్పిన ZINS పేరు సరైనదే. కానీ అందులో 6 లక్షలు మన చేతి నుంచి పోయిన డబ్బు, 24 లక్షలు మన చేతికి వచ్చేది, రెండింటికీ ఎదురెదురు గుర్తులు ఉండాలి. రెండూ ప్లస్ పెడితే "ఈ మనిషికి డబ్బు రావడమే తప్ప పోవడం లేదు, దీనికి రేటు ఎక్కడిది" అన్నట్టు #ZAHL! ఇస్తుంది.

```
=ZINS(12;0;-600000;2400000)
```

మధ్యలో సున్నా ఎందుకంటే ఏటేటా కట్టిందీ వచ్చిందీ ఏమీ లేదు. రెండు పద్ధతులకీ 12,25% వస్తుంది. టోపీ గుర్తు లెక్క సుమారు ఏమీ కాదు మహేష్ గారూ, నిజానికి అదే నేరుగా చేసే లెక్క, ZINS మాత్రం ఒక అంచనాతో మొదలుపెట్టి సవరించుకుంటూ అదే అంకెకు చేరుతుంది. గడి ఫార్మాట్‌లో దశాంశాలు లేకపోతే 12% అని మాత్రమే చూపిస్తుంది, రెండు దశాంశాలు పెట్టుకో.

మీ అన్నయ్య 25 ఎక్కడ తేలిపోతుందో ఆయనకే చూపించు. 6 లక్షలు నిజంగా ఏడాదికి 25 శాతం చొప్పున పెరిగితే 12 ఏళ్లకి 87 లక్షలు దాటాలి. అదే 12,25 పెట్టి చూడు, 24 లక్షలకు వస్తుంది. ఆయన చెప్పింది బారువడ్డీ లెక్క, మన దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తి అంటామే, అసలు మీదే ఎప్పుడూ లెక్కేసేది. నీ లోన్ అలా నడవదు, మిత్తి మీద మిత్తి పడుతుంది. బారు అంకెను తెచ్చి చక్రవడ్డీ అంకె పక్కన పెడితే ఎప్పుడూ భూమే గెలిచినట్టు కనిపిస్తుంది.

యాదగిరి (జనగామ, కొలోన్)

సుజాతక్క చెప్పింది అక్షరాలా నిజం, ఇంకొకటి కలుపుతాను, సంవత్సరాల సంఖ్య. నేను దాంట్లోనే మునిగాను. 2019లో ఇల్లు తీసుకునేటప్పుడు స్టాఫెల్‌మీటె అగ్రిమెంట్, అంటే ఏ ఏడు ఎంత అద్దె అన్నది ముందే రాసి ఉంటుంది. మొదటి ఏడు 750 యూరోలు, తర్వాత 815, 885, నాలుగో ఏడు 960. ఏజెంట్ ఎదురుగా కూర్చుని ఫోన్‌లో లెక్క చేసి "నాలుగేళ్లకి సగటున 6,4 శాతమే" అన్నాడు. నా జీతం దాదాపు ఆరు పెరుగుతుందని హెచ్ఆర్ చెప్పింది, సరిపోతుందిలే అని సంతకం పెట్టేశాను. రెండో ఏడు నుంచే చేతిలో మిగిలేది తగ్గుతూ వచ్చింది. ఒక రాత్రి మా ఆవిడ, నేను కూర్చుని కాగితం మీద వేశాం. అద్దెలు నాలుగు, కానీ పెరిగింది మూడుసార్లే కదా! ఆయన 960ని 750తో భాగిస్తే వచ్చే 1,28కి నాలుగో మూలం తీశాడు, తీయాల్సింది మూడోది. అలా తీస్తే 8,58 శాతం. అగ్రిమెంట్‌లో 750, 815 పక్కపక్కనే ఉన్నాయి, ఆ ఒక్క మెట్టు చూసినా 8 దాటిందని తెలిసేది. అడిగితే "అంకెలన్నీ యూరోల్లో రాసే ఉన్నాయి, మీరే సంతకం చేశారు" అన్నాడు. అదీ నిజమే, కానీ నా కడుపుమంట ఇప్పటికీ చల్లారలేదు.

వినయ్, నీది 2012 అక్టోబర్ నుంచి 2024 అక్టోబర్, సరిగ్గా 12. ఏడాదికో వరుస రాస్తే 13 వరుసలు వస్తాయి, వరుసలు లెక్కపెట్టి 13 పెట్టావంటే 11,25 అని తప్పు వస్తుంది.

మహేష్

యాదగిరీ, నువ్వు ఊరుకోకుండా ఉండాల్సింది. మూడేళ్లలో 20 శాతం కంటే అద్దె పెంచడానికి లేదు, అంటే ఏడాదికి 6,67. చట్టం అది.

సుజాత

ఆ పరిమితి ఉంది, కొన్ని ఊళ్లలో 15 కూడా, కానీ అది మామూలు అద్దె పెంపుకి, స్టాఫెల్‌మీటెకి వర్తించదు. ఇంకో మాట, 20ని మూడుతో భాగించకూడదు, 1,2కి మూడో మూలం తీస్తే ఏడాదికి 6,27.

మహేష్

నా ఫ్రెండ్ ఇదే పాయింట్ మీద ఓనర్‌ని తగ్గించాడు. మీకు తెలిసిన కేసులు వేరు, నాకు తెలిసినవి వేరు.

వినయ్

అక్కా, రెండూ 12,25 వచ్చాయి! అన్నయ్యకి 87 లక్షల లెక్క పంపాను, ఇంకా జవాబు లేదు. ఒక చిక్కు ఉంది. 2018 అక్టోబర్‌లో నాన్న చుట్టూ కాంపౌండ్ గోడ కట్టించారు, లక్షన్నర అయింది. దాన్ని ఎక్కడ పెట్టాలి? 6 లక్షలకి కలిపేయాలా?

సుజాత

కలపకు. కలిపితే ఆ లక్షన్నర కూడా 12 ఏళ్లు భూమిలో ఉన్నట్టవుతుంది, ఉన్నది ఆరేళ్లే. మొదటి విలువ, చివరి విలువ రెండే ఉన్నప్పుడే టోపీ గుర్తు లెక్క పనికొస్తుంది. ZINSలో మధ్య గడి కూడా ఏటా ఒకే మొత్తం కట్టేవాళ్లకే. ఒక్కసారి మధ్యలో ఖర్చు పెడితే తేదీలతో చేసే XIRR వాడాలి, జర్మన్‌లో దాని పేరు XINTZINSFUSS. B2లో -600000, B3లో -150000, B4లో 2400000 పెట్టు, పక్కన C గడుల్లో ఆ తేదీలు:

```
=XINTZINSFUSS(B2:B4;C2:C4)
```

11,1 దగ్గర వస్తుంది. గోడ ఒక్కటే నీ 12,25లోంచి ఒక శాతం కంటే ఎక్కువ తినేసింది. రిజిస్ట్రేషన్ ఖర్చు 6 లక్షల్లో లేకపోతే అది కూడా మొదటి అంకెలో చేర్చు, ఇంకొంచెం దిగుతుంది.

ఇప్పుడు లోన్ వైపు. మిత్తి నెలనెలా అసలుకి కలుస్తుంటే 11 శాతం ఏడాదికి 11 కాదు:

```
=(1+11%/12)^12-1
```

11,57% వస్తుంది. మీ బ్యాంకు నెలకోసారి కలుపుతుందో లేదో స్టేట్‌మెంట్‌లో చూడు. కలుపుతుంటే భూమి 11,1, లోన్ 11,57. 25కీ 11కీ మధ్య ఉందనుకున్న దూరం ఇప్పుడు లేదు. పైగా అమ్మినప్పుడు పడే పన్ను ఇందులో లేదు.

రాజు

అందరూ రూపాయల్లోనే చూస్తున్నారు. 2012 అక్టోబర్‌లో యూరో 69 దగ్గర ఉండేది, 2024 అక్టోబర్‌లో 91 దగ్గర. యూరోల్లోకి మార్చి చూస్తే 8696 నుంచి 26374, ఏడాదికి 9,69 శాతమే. జీతం యూరోల్లో వస్తోంది కాబట్టి అదే అసలు లెక్క.

యాదగిరి

రాజన్నా, లోన్ రూపాయల్లో ఉంది కదా. భూమిని యూరోల్లోకి మార్చి లోన్‌ని రూపాయల్లో వదిలేస్తే ఎలా? రూపాయి పడితే లోన్ కూడా యూరోల్లో తేలికవుతుంది.

రాజు

లోన్ తేలికవుతుంది సరే, ఆయన ఇల్లు కొనేది ఇక్కడైతే?

వినయ్

ఇల్లు సంగతి ఇప్పట్లో లేదన్నా. అన్నయ్య ఫోన్ చేశాడు. 87 లక్షల లెక్క చూసి కాసేపు మాట్లాడలేదు, తర్వాత "24 పాత మాట, ఇప్పుడు 28 చెబుతున్నారు, అది పెట్టి చూడు" అన్నాడు. పెట్టాలా?

సుజాత

చెప్పే ధర వేరు వినయ్. ఆ 24 కూడా ఒకాయన నోటిమాటే, చివరికి 20కి తెగిందనుకో, గోడ లేకుండా చూసినా 10,55కి దిగుతుంది. 28కి ఎవరైనా బయానా ఇస్తే ఆ అంకె, ఆ రోజు తేదీ B4, C4లో మార్చు.