నా రెజ్యూమే 8 సెకన్లు చూసినవాళ్ళు నన్ను ఫ్రెషర్ అనుకుంటున్నారు. తప్పు ఎక్కడుంది?

అంకెలపిచ్చి
నేను నాలుగేళ్ళుగా డేటా అనలిస్ట్‌గా చేస్తున్నాను. రెండు నెలల్లో నలభై చోట్లకు పైగా రెజ్యూమే పంపితే ఒక్క ఫోన్ వచ్చింది. వాళ్ళు కూడా "ట్రైనీ పోస్టుకేనా?" అని అడిగారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు.

రెడీమేడ్ టెంప్లేట్ వాడాను. ఒక్క పేజీయే. ఎడమవైపు మూడో వంతు ముదురు నీలం పట్టీ. అందులో గుండ్రటి ఫొటో, ఫోనుకీ మెయిలుకీ చిన్న బొమ్మలు, ఆరు స్కిల్స్‌కి నిండే గీతలు, కింద భాషలు, హాబీలు. కుడివైపు పైన ఐదు లైన్ల ఆబ్జెక్టివ్, ఆ తర్వాత చదువు, ప్రాజెక్టులు, అట్టడుగున ఉద్యోగ అనుభవం. చూసిన ఫ్రెండ్స్ అందరూ "సూపర్‌గా ఉంది" అన్నారు. మరి ఎందుకు పిలవడం లేదు?

రెండోరౌండ్
రెండు కాలమ్‌లు పెట్టారు కదా, అక్కడే పోయింది. కంపెనీల సాఫ్ట్‌వేర్ రెండు కాలమ్‌ల రెజ్యూమేని మనిషి కంట పడనివ్వదు, రిజెక్ట్ చేసేస్తుంది. మామూలు వర్డ్ ఫైల్లో ఒకే కాలమ్ పెట్టి పంపండి, వారంలో ఫోన్లు మొదలవుతాయి.

పాతకాపు
రెండోరౌండ్ గారు చెప్పిందాంట్లో సగం నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మనుషుల సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ ఫోన్ చేసినవాళ్ళు రెజ్యూమే చూశాకే ట్రైనీ అనుకున్నారు.

నేను చాలా ఏళ్ళుగా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకుంటున్నాను. "బాగుందా?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, అది పరీక్ష కాదు. ఇలా చేయండి. మీ ఉద్యోగం గురించి పెద్దగా తెలియని ముగ్గురిని పట్టుకోండి. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్ స్క్రీన్ మీద, మామూలు సైజులో 8 సెకన్లు చూపించి మూసేయండి. తర్వాత నాలుగే ప్రశ్నలు: ఇప్పుడు నేను ఏ ఉద్యోగంలో ఉన్నాను? ఎక్కడ? ఎప్పటి నుంచి? అంతకుముందు ఏం చేశాను? మధ్యలో అందివ్వకండి, సైగలు చేయకండి. ఏం చెబితే అది రాసుకోండి.

కాగితంపులి
మంచి టాపిక్. నాదీ ఇదే స్కానింగ్ సమస్య. మంచి ప్రింటర్‌లో రెజ్యూమే ప్రింట్ తీసి, కింద సంతకం పెట్టి, స్కాన్ చేసి పీడీఎఫ్ పంపుతున్నాను. ఎన్ని డీపీఐలో స్కాన్ చేస్తే తొందరగా అవుతుంది?

పాతకాపు
కాగితంపులి గారూ, ఇక్కడ స్కాన్ అంటే కంటితో గబగబా చూడటం అండీ, మెషీన్ సంగతి కాదు. కానీ మీరు అడగడమే మంచిదైంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ ఒక ఫొటో లాంటిది, అందులో అక్షరాలు ఉండవు. తెరిచి మీ పేరు మీద మౌస్ లాగి చూడండి, సెలెక్ట్ కాకపోతే కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి అది దాదాపు ఖాళీ కాగితమే. సంతకం ఎవరూ అడగరు. వర్డ్ నుంచే నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేసి పంపండి.

కాగితంపులి
అయ్యో, ఏడాది నుంచి అదే పంపుతున్నాను 😐

అంకెలపిచ్చి
పరీక్ష చేశాను. ముగ్గురిలో ఇద్దరు "ఇప్పుడే చదువు అయిపోయింది, ఉద్యోగం కోసం చూస్తున్నావు" అన్నారు. మూడో ఆయన ఫొటో బాగుందన్నారు, నీలం రంగు గుర్తుందన్నారు, ఎస్‌క్యూఎల్ 80 శాతం అన్నారు. కంపెనీ పేరు ఒక్కరూ చెప్పలేదు. పైన పటారం లోన లొటారం అంటే ఇదేనేమో.

పాతకాపు
వాళ్ళ తప్పేం లేదు. మీ పేజీలో కన్ను ఎలా నడుస్తుందో చూడండి. ముందు ముదురు పట్టీ మీద, ఫొటో మీద పడుతుంది. అక్కడి నుంచి కుడివైపు పైకి వెళ్తే ఐదు లైన్ల ఆబ్జెక్టివ్. అందులో మీ ఉద్యోగం పేరే ఉండి ఉండదు, "ఎదుగుదలకు అవకాశమున్న సంస్థలో" తరహా మాటలే ఉండి ఉంటాయి. దాని కింద చదువు. సమయం అయిపోయింది. మొదట చదువు కనిపిస్తే చూసేవాడు ఫ్రెషర్ అనే అనుకుంటాడు, ఎందుకంటే ఫ్రెషర్లే చదువుని పైన పెడతారు. సెక్షన్ల వరుస కూడా ఒక సమాచారమే.

ల్యాడర్స్ అనే ఉద్యోగాల సైటు రిక్రూటర్ల కంటి కదలికలు కొలిచింది. 2012లో మొదటి చూపు దాదాపు 6 సెకన్లని తేల్చారు, 2018లో 7.4 సెకన్లన్నారు. ఆ అంకెను పట్టుకుని వేలాడక్కర్లేదు, నచ్చినదాన్ని తర్వాత తీరిగ్గా చదువుతారు. కానీ ఆ మొదటి చూపు వెతికేవి నా అనుభవంలోనూ ఇవే: ఇప్పటి హోదా, కంపెనీ, తేదీలు, ముందటి ఉద్యోగం, చదువు. ఇవి పేజీలో పై సగంలో ఎడమ అంచు వెంబడే దొరకాలి. మీ ఎడమ అంచు మొత్తం హాబీలకూ గీతలకూ ఇచ్చేశారు.

ఇక ఆ గీతలు. ఎస్‌క్యూఎల్ 80 శాతం అంటే దేనిలో 80? మీ ఆరూ 70కీ 90కీ మధ్యే ఉంటాయని పందెం. అన్నీ ఒకే పొడవున్నప్పుడు గీత ఏమీ చెప్పదు, చూపుని మాత్రం లాగేస్తుంది. అదే ఉద్యోగం కింద "ఫలానా రిపోర్టును ఎస్‌క్యూఎల్‌తో ఆటోమేట్ చేశాను" అని రాస్తే ఎంత వచ్చో దానంతట అదే తెలుస్తుంది.

అంకెలపిచ్చి
పందెం మీరే గెలిచారు, తక్కువది 75, ఎక్కువది 90 😅 మరి సాఫ్ట్‌వేర్ సంగతి?

పాతకాపు
నేను చూసిన సిస్టమ్‌లలో కాలమ్‌లు చూసి ఏదీ రిజెక్ట్ చేయదు. ఫైల్లోంచి అక్షరాలు బయటికి లాగి పేరు, హోదా, తేదీల గళ్ళలో పెట్టుకుంటుంది. రెండు కాలమ్‌లను కలగలిపేస్తే ఆ గళ్ళలో చెత్త పడుతుంది, ఆ తర్వాత ఎవరైనా వెతికితే మీరు తగలరు. మీ ఫైలు సంగతి మీరే చూసుకోవచ్చు. మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. కమాండ్ లైన్ అలవాటుంటే pdftotext అనే టూల్ పెట్టుకుని ఈ రెండూ నడిపి చూడండి:

```
pdftotext -layout resume.pdf a.txt
pdftotext -raw resume.pdf b.txt
```

మొదటిది పేజీలో కనిపించినట్టే అడ్డంగా తీస్తుంది, రెండోది ఫైలు లోపల రాసుకున్న వరుసలో తీస్తుంది. రెండూ దాదాపు ఒకే వరుసలో వస్తే ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పెద్ద ఇబ్బంది ఉండదు.

అంకెలపిచ్చి
a.txt లోంచి ఒక ముక్క:

```
SQL           Data Analyst
Excel         Mar 2021 - Present
Power BI      Responsible for weekly
Painting      sales reports for 14
Travel        stores
```

"పెయింటింగ్ సేల్స్ రిపోర్ట్స్" చేసేదాన్ని అయిపోయాను. b.txt లో మొత్తం పట్టీ ముందు వచ్చి, ఉద్యోగం చివర పడింది. ఫోన్ నంబరు ముందు బొమ్మ ఉన్నచోట ఒక డబ్బా గుర్తు వచ్చింది.

పాతకాపు
ఆ బొమ్మలు ఐకాన్ ఫాంట్‌వి, అక్షరంగా బయటికి తీస్తే డబ్బాలే మిగులుతాయి. ఫోన్ నంబరు చూస్తే ఎవరికైనా ఫోన్ నంబరని తెలుస్తుంది, బొమ్మ అక్కర్లేదు.

గీతలరాణి
నేను డిజైనర్‌ని, కాస్త అడ్డుపడతాను. అన్నీ పీకేసి సర్కారు దరఖాస్తులా చేయమంటున్నారు. నా రెజ్యూమేలో రంగుంది, రెండు కాలమ్‌లున్నాయి, పనులు బాగానే వస్తున్నాయి. గ్రాఫిక్స్ తప్పు కాదు, పని చేయని గ్రాఫిక్స్ తప్పు. సెక్షన్‌కీ సెక్షన్‌కీ మధ్య సన్నటి గీత, హెడింగులకు ఒకే ముదురు రంగు, ఇవి చూపుకి దారి చూపిస్తాయి. అంకెలపిచ్చి గారి అసలు సమస్య సైజులు. పేరు, సెక్షన్ హెడింగులు పెద్దగా అరుస్తుంటే ఉద్యోగం హోదా మాత్రం లేత బూడిద రంగులో చిన్నగా ఉండి ఉంటుంది. కళ్ళు సగం మూసి మసగ్గా చూడండి. అప్పుడు నల్లగా కనిపించేవే ముందు చదువుతారు.

అంకెలపిచ్చి
సరిగ్గా అదే! పేరు 36 పాయింట్లు, హెడింగులు 20, హోదా 9, అదీ బూడిద రంగు. కళ్ళు మూసి చూస్తే "EDUCATION" ఒక్కటే కనిపించింది.

పాతకాపు
గీతలరాణి గారితో ఏకీభవిస్తాను. మీవాళ్ళు పోర్ట్‌ఫోలియో లింకు చూసి పిలుస్తారు కాబట్టి కాలమ్‌ల దెబ్బ మీకు అంతగా తగలదు, అది వేరే ఆట. ఒక మాట కలుపుతాను: ఒకసారి నలుపు తెలుపులో ప్రింట్ తీసి చూడండి. ముదురు పట్టీ నల్లటి దిమ్మ అవుతుంది, దాని మీది సన్నటి తెల్ల అక్షరాలు పూడుకుపోతాయి. ఫొటో మాత్రం దేశాన్ని బట్టి. కొన్నిచోట్ల అడుగుతారు, అమెరికా, బ్రిటన్‌లలో వద్దంటారు.

అంకెలపిచ్చి
వారం తర్వాత వచ్చాను. ఇలా మార్చాను:

ఒకే కాలమ్. పేరు 20 పాయింట్లు, దాని కింద ఒకే లైన్లో ఫోన్, మెయిల్, లింకు. ఆబ్జెక్టివ్ తీసేసి రెండు లైన్లలో "నాలుగేళ్ళ అనుభవమున్న డేటా అనలిస్ట్, రిటైల్ అమ్మకాలు" అని పెట్టాను. వెంటనే అనుభవం, తర్వాత స్కిల్స్ ఒక్క పేరాలో, చదువు చివర. హెడింగులు 12.5, హోదా 11 బోల్డ్, మిగతాది 10.5. కంపెనీ పేరు బోల్డ్ చేయలేదు, రెండూ బోల్డ్ చేస్తే దేని మీదా చూపు ఆగడం లేదు. తేదీలన్నీ కుడి అంచున ఒకే వరుసలో. హెడింగు పైన ఖాళీ కింద ఖాళీకి రెట్టింపు ఇచ్చాను, లేకపోతే అది పై సెక్షన్‌కి అతుక్కున్నట్టుంటోంది. రంగు ఒక్కటే, హెడింగులకీ సన్నగీతకీ. పాయింట్ల మొదట్లో ఉన్న "Responsible for" అన్నీ తీసేశాను, ఎందుకంటే గబగబా చూసేవాళ్ళు ప్రతి లైన్లో మొదటి మూడు నాలుగు మాటలే చదువుతున్నారు, అవన్నీ ఒకేలా ఉన్నాయి.

ఈసారి కొత్త ముగ్గురికి చూపించాను. హోదా ముగ్గురూ చెప్పారు, కంపెనీ ఇద్దరు చెప్పారు. కానీ ఇద్దరు "ఒక ఏడాదికే ఉద్యోగం మారినట్టుంది" అన్నారు. నాకు అదే కంపెనీలో ప్రమోషన్ వచ్చింది, మారలేదు!

పాతకాపు
కంపెనీ పేరు రెండుసార్లు రాసి ఉంటారు. ఒక్కసారే రాసి, దాని పక్కన మొత్తం తేదీలు పెట్టి, కింద రెండు హోదాలు వాటి తేదీలతో కాస్త లోపలికి జరిపి రాయండి. ఆ కంపెనీ పేరుని మాత్రం అక్కడ బోల్డ్ చేయొచ్చు.

రెండోరౌండ్
స్కిల్స్ కింద పెట్టడం నాకు నచ్చలేదు. రిక్రూటర్ వెతికేది స్కిల్ పేరుతోనే కదా, పైన ఉండాలి.

పాతకాపు
వెతికేటప్పుడు మాట పేజీలో ఎక్కడున్నా తగులుతుంది. తెరిచాక మాత్రం ఆ స్కిల్ ఏ పనిలో వాడారని చూస్తారు, అందుకే అనుభవం ముందు.

గీతలరాణి
రంగం మారుతున్నవాళ్ళ సంగతి? నా ఫ్రెండ్ అకౌంట్స్ నుంచి టెస్టింగ్‌కి వచ్చింది. అనుభవం పైన పెడితే అకౌంటెంట్ అనుకుంటున్నారు, స్కిల్స్ పైన పెడితే ఏదో దాస్తోందనుకుంటున్నారు.

పాతకాపు
అక్కడ నేనూ గట్టిగా చెప్పలేను. టెస్టింగ్ ప్రాజెక్టు ఒకటి చేసి ఉంటే తేదీలతో సహా అనుభవానికి పైన పెట్టమంటాను, కొందరు మేనేజర్లు అది కూడా ఒప్పుకోరు.

అంకెలపిచ్చి
కంపెనీ పేరు ఒక్కసారి రాసి మళ్ళీ ఒకరికి చూపించాను. "నాలుగేళ్ళు ఒకేచోట, మధ్యలో ప్రమోషన్" అన్నాడు. రెండు pdftotext ఫైళ్ళూ ఒకే వరుసలో వచ్చాయి. ఇవాళ్టి నుంచి ఇదే పంపుతున్నాను. పెయింటింగ్ ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు, ప్రస్తుతానికి తీసేశాను.