నైట్ డ్యూటీ చేస్తూ నీట్ పీజీకి చదవడం కుదురుతుందా?

ఎంబీబీఎస్, ఇంటర్న్‌షిప్ అయిపోయాయి. నల్గొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌గా చేస్తున్నాను, వారానికి నాలుగు నైట్లు. ఖాళీ ఉన్నప్పుడు చదువుకోవచ్చన్నారు. పుస్తకం తెరిచానో లేదో పురుగుల మందు తాగిన కేసు వస్తుంది. అట్రోపిన్ ఇస్తూ, ఊపిరితిత్తులు వింటూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

మొన్న డ్యూటీ దిగి గ్రాండ్ టెస్ట్ రాశాను. 200 ప్రశ్నల్లో 95 కరెక్ట్, 85 తప్పు. 380 మార్కుల్లోంచి నెగెటివ్ 85 పోయి 295 మిగిలాయి. నిద్రమత్తులో తెలియనివి కూడా పెట్టేశాను.

మా మిర్యాలగూడలో ఒక సీనియర్ సార్ తన క్లినిక్‌లో సాయంత్రం 5 నుంచి 9 దాకా కూర్చోమంటున్నారు. జీతం సగమే, కానీ రాత్రి నిద్ర ఉంటుంది. మొత్తానికే మానేద్దామంటే చెల్లి ఫీజు ఉంది. ఇలా క్లినిక్ చేస్తూ సీటు తెచ్చుకున్నవాళ్లు పరీక్షకు ఎన్ని నెలల ముందు మానేశారు?