ఊరి బయట పెళ్లికి ట్రావెల్ ఛార్జ్ ఎలా వేస్తున్నారు? తక్కువ చెప్పేసి నష్టపోయా

కేఆర్‌పురం పిల్ల: అందరికీ నమస్తే, బెంగళూరులో బ్రైడల్ మేకప్ మొదలుపెట్టి రెండేళ్లయింది. నావి మూడు ప్యాకేజీలు, బేసిక్, హెచ్‌డీ, ఎయిర్‌బ్రష్. మొన్న మదనపల్లె పెళ్లి ఒప్పుకున్నా, ముందురోజు సాయంత్రం రిసెప్షన్, తెల్లారి 4:40కి ముహూర్తం. రెండు లుక్స్‌కి 28 వేలు, ట్రావెల్ 3,500 అని చెప్పేశా, పోనూ రానూ 240 కిలోమీటర్లు కదా కిలోమీటర్‌కి 14 రూపాయలు అని లెక్కేసుకుని. తీరా క్యాబ్ బిల్లు చూస్తే దానికి రెండింతల పైనే ఉంది. ట్రయల్ కూడా ఫ్రీగా చేశా. మీరంతా ఎలా చేస్తున్నారో చెప్పండి ప్లీజ్.

జడగంటలు: అమ్మా, తిరిగిన కిలోమీటర్లు కాదు, రోజులు లెక్కపెట్టాలి. అవుట్‌స్టేషన్ క్యాబ్‌కి రోజుకి మినిమమ్ ఇన్ని కిలోమీటర్లని ఉంటుంది, చాలామంది 250 అంటారు, కొందరు 300. నువ్వు రెండు రోజులు ఉంచుకున్నావు, అంటే 500 కిలోమీటర్ల బిల్లు, 14 చొప్పున అక్కడే 7,000. డ్రైవర్ బత్తా రోజుకి 400 అనుకున్నా ఇంకో 800, టోల్, ఆంధ్రా పర్మిట్ టాక్స్ వేరే. నేనైతే కోట్‌లో ట్రావెల్ అంకె రాయను, "వెహికల్ మీరే పంపాలి, ఇంటి నుంచి ఇంటికి, లేదా అసలు బిల్లు మీరే కట్టాలి, రాత్రి ఉండాల్సొస్తే నాకూ అసిస్టెంట్‌కీ రూమ్" అని రాస్తా. దాంతో గొడవే ఉండదు.

హోసూర్ రోడ్ అక్క: ట్రావెల్ సంగతి కరెక్టే కానీ ట్రయల్ ఫ్రీగా ఇవ్వడంలో తప్పేం లేదండి, ఫ్రీ అంటేనే వస్తారు, వచ్చి ముఖం చూసుకున్నాక బుక్ చేసుకోకుండా పోరు. నేను అలాగే పెంచుకున్నా.

జడగంటలు: అక్కా, వచ్చేమాట నిజమే, కానీ నాకు ఒకమ్మాయి ట్రయల్ అని వచ్చి, ఆ సాయంత్రమే వాళ్ల వదిన సీమంతానికి అదే మేకప్‌తో వెళ్లింది, తర్వాత ఫోన్ ఎత్తలేదు. అప్పటి నుంచి ట్రయల్ 2,500, వారం మధ్యలో పొద్దున మాత్రమే, బుక్ చేస్తే ఫైనల్ బిల్లులో తీసేస్తా. పైగా ఒక్క లుక్కే, అదీ ముహూర్తం లుక్. పెళ్లి చీర, జాకెట్ రంగు తెమ్మంటా. వేసిన తర్వాత కిటికీ వెలుగులో ఒక ఫోటో, ఫ్లాష్‌తో ఒక ఫోటో తీస్తా, ఫ్లాష్‌లో ముఖం మెడకంటే తెల్లగా పడితే పౌడర్ మార్చాలని అప్పుడే తెలిసిపోద్ది. ఆరు గంటలు కడగొద్దని చెప్పి, సాయంత్రం ముక్కు పక్కన ఎలా ఉందో ఫోటో పంపమంటా.

పెళ్లికూతురు మే: హాయ్, నేను ఆర్టిస్ట్‌ని కాదు, మేలో పెళ్లి. ట్రయల్‌కి 3,000 కట్టా, నచ్చలేదు, డబ్బులు తిరిగి ఇవ్వాలి కదా?

జడగంటలు: కట్టేముందు ఏం రాసుకున్నారో చూడమ్మా. ట్రయల్ డబ్బులు ఆ పూట సమయానికి, ప్రొడక్ట్స్‌కి, సాధారణంగా తిరిగి రావు. పెళ్లికి అడ్వాన్స్ ఇచ్చుంటే అది వేరే సంగతి, దాన్ని అడగండి.

కేఆర్‌పురం పిల్ల: థాంక్స్ అక్కా. ఇంకోటి, ముహూర్తం టైమ్‌లో మధుపర్కాల చీర మార్చి మళ్లీ టచప్ చేయాల్సొచ్చింది, అది నేను లెక్కలోనే పెట్టుకోలేదు, 6 గంటల దాకా అక్కడే ఉన్నా.

జడగంటలు: అసలు తప్పు అక్కడే ఉంది. హెచ్‌డీ, ఎయిర్‌బ్రష్ అని ప్యాకేజీలు పెడితే మన పని ఎంతసేపో ఎక్కడా కనపడదు. నావి ఇలా ఉంటాయి: మొదటిది ఒక్క లుక్, రెడీ చేసి వచ్చేయడం. రెండోది రిసెప్షన్, ముహూర్తం రెండూ. మూడోది ఆ రెండింటితో పాటు మధుపర్కాలు మార్చే దాకా పక్కనే ఉండటం. జీలకర్రబెల్లం అయ్యాక చీర మార్చడానికి పంతులుగారు మనకి ఇచ్చేది పావుగంట కూడా కాదు, కుచ్చిళ్లు ముందే మడతపెట్టి పిన్ చేసి ఉంచితేనే అయ్యేది. ఎయిర్‌బ్రష్ కావాలంటే ఏ ప్యాకేజీ మీదైనా అదనంగా కలుపుతా. ఇంకా, మంగళస్నానం ఎన్నింటికో ముందే అడిగి రాసుకో. 4:40 ముహూర్తానికి తల తడిగా 3 గంటలకి అమ్మాయిని కూర్చోబెడితే జడ నిలవదు. నేను 1:30కల్లా స్నానం, 2కి కుర్చీలో అంటా.

హోసూర్ రోడ్ అక్క: ఇది మాత్రం ఒప్పుకుంటా, నేనూ మూడోది పెడతా. మరి అమ్మాయి అమ్మకి, వదినకి అప్పటికప్పుడు కొంచెం వేయమంటారు కదా, దానికేం చేస్తున్నారు? నేను ఇప్పటిదాకా మొహమాటానికి వేసేస్తున్నా.

జడగంటలు: తలకి ఇంత అని కోట్‌లో రాస్తా అక్కా, కానీ అమ్మాయి వాళ్లమ్మ దగ్గర అడగలేకపోతున్నా, ఆమెకి ఊరికే వేసేస్తున్నా.