అందరం కలిసి చేసిన పనిని దరఖాస్తులో ‘మేము’ అని రాయాలా, ‘నేను’ అనా?

సుజాత, గుమ్మ (గజపతి జిల్లా)
ఫెలోషిప్‌కి దరఖాస్తు పెడుతున్నాను, తెలుగులో రాయొచ్చన్నారు. ఇతరులతో కలిసి చేసిన ఒక పని గురించి 150 మాటల్లో రాయమన్నారు. అంతా ‘మేము’ అంటే నేనేం చేశానో కనబడటం లేదు. ‘నేను’ అంటే మిగతా ఐదుగురికి అన్యాయం చేసినట్టుంది. రాసింది ఇది, ఎలా మార్చాలో చెప్పండి:

“2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా బ్లాకులోని ఒక కొండ ఊరి పైపులైను కొట్టుకుపోయింది. మేము ఆరుగురం కలిసి ఊటలను పరిశీలించాం. తగిన ఊటను ఎంపిక చేయడం జరిగింది. ఊరివారి సహకారంతో పైపులు వేశాం. 42 ఇళ్లకు నీరు అందించడం జరిగింది. మనం ఐకమత్యంగా ఉంటే ఏదైనా సాధించగలం.”

కాశీనగర్ కుర్రాడు
అన్నిచోట్లా ‘నేను’ పెట్టేయండి అక్కా. ఫెలోషిప్ ఆరుగురికీ కలిపి ఇవ్వరు కదా.

పర్లాకిమిడి మాస్టారు
అమ్మా, నువ్వు రాసింది బాగానే ఉంది. ముప్పై ఏళ్లు పిల్లలకి తెలుగు చెప్పాను. పదిమంది చేసిన పనికి ‘నేను’ అనకూడదని మన ఇళ్లలో చిన్నప్పుడే నేర్పుతారు. చదివేవాడికి బుద్ధుంటే ‘మేము’లో నువ్వూ ఉన్నావని తెలుస్తుంది. ఒక్క ‘నేను’ కూడా పెట్టకు.

పద్మ, గుణుపురం
మాస్టారూ, ఇలాంటి దరఖాస్తులు చదివే కమిటీలో నేను నాలుగేళ్లు కూర్చున్నాను. బుద్ధి ఉన్నా తెలియదండీ. ఒకే సంఘం నుంచి ముగ్గురు దరఖాస్తు పెట్టారు, మూడింట్లోనూ ‘మేము చేశాం’ అనే ఉంది. ఎవరు ఏం చేశారో తెలియక ముగ్గుర్నీ పక్కన పెట్టాం. వాళ్లలో ఒకమ్మాయి ఒంటిచేత్తో లెక్కలన్నీ చూసిందని తర్వాత తెలిసింది.

సుజాతా, వాక్యాలు మార్చే ముందు ఒకటి చెప్పు. ఆ ఆరుగురిలో నువ్వు లేకపోతే ఏ పని ఆగిపోయేది?

సుజాత
ఊటలు కొలిచింది నేనే అక్కా. రెండు ఊటలున్నాయి. దగ్గరిదాన్నే పట్టుకుందామని అందరం అనుకున్నాం. 2019 ఏప్రిల్లో రెండుచోట్లా 15 లీటర్ల బకెట్టు పెట్టి, ఫోన్లో టైము చూసి, వారం రోజులు పొద్దునా సాయంత్రం కొలిచాను. దగ్గరి ఊటకి బకెట్టు నిండటానికి నాలుగు నిమిషాలు, పై ఊటకి 110 సెకన్లు. ఊళ్లో 200 మంది. మనిషికి రోజుకి 55 లీటర్ల లెక్కన 11,000 కావాలి. దగ్గరిది రోజుకి 5,400 ఇస్తుంది, పైది 11,700 పైచిలుకు. అది చూశాకే 300 మీటర్ల పైపు ఎక్కువైనా పైదానికి వెళ్లాం.

పద్మ, గుణుపురం
ఇదంతా ఎక్కడ దాచావే! నీ ముక్కలో ఇది ‘పరిశీలించాం’, ‘ఎంపిక చేయడం జరిగింది’ అనే రెండు మాటల కింద పడిపోయింది. ‘జరిగింది’ అంటే ఎవరు చేశారో చెప్పకుండా తప్పించుకునే ఆఫీసు భాష. నీకది మర్యాదగా అనిపించిందేమో, చదివేవాళ్లకి మాత్రం అక్కడ మనిషే కనబడదు.

ఇంకొకటి, ‘నేను నేను’ అనిపిస్తుందని నీకు భయం. ఇంగ్లీషులో ఆ మాట లేకుండా వాక్యం నడవదు గానీ, తెలుగులో క్రియే చెబుతుంది. ‘కొలిచాను’ అంటే చాలు, ముందు ‘నేను’ అక్కర్లేదు. ఇలా రాసి చూడు:

“2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా బ్లాకులోని ఒక కొండ ఊరి పైపులైను కొట్టుకుపోయింది. మేము ఆరుగురం దాన్ని మళ్లీ వేయించే పని ఎత్తుకున్నాం. దగ్గరి ఊటనే పట్టుకుందామని మొదట అనుకున్నాం. 2019 ఏప్రిల్లో వారం రోజులు రెండు ఊటల దగ్గరా 15 లీటర్ల బకెట్టు పెట్టి, ఎంతసేపటికి నిండుతుందో కొలిచాను. దగ్గరిదానికి నాలుగు నిమిషాలు, పైదానికి 110 సెకన్లు పట్టింది. దగ్గరి ఊట ఎండాకాలంలో సగం ఊరికే సరిపోతుందని లెక్క కట్టి మీటింగులో చూపించాను. పైపు 300 మీటర్లు ఎక్కువైనా పై ఊటకే వెళ్దామని అందరం నిర్ణయించాం. పైపులు వేసి 42 ఇళ్లకు నీళ్లు తెచ్చాం.”

‘ను’తో ముగిసిన వాక్యాలు రెండే ఉన్నాయి, చూశావా? అయినా నువ్వు కనబడతావు. అనుకున్నదీ, నిర్ణయించిందీ, తెచ్చిందీ అందరూ కాబట్టి అక్కడ ‘మేము’, ‘అందరం’ అలాగే ఉన్నాయి. ఇంటర్వ్యూలో ఎలా కొలిచావని అడిగితే అరగంట చెప్పగలవు. ‘నాయకత్వం వహించాను’ అని రాసి ఉంటే రెండో ప్రశ్నకే నీళ్లు నమలాలి.

సిరొంచ శ్రీను (గడ్చిరోలి జిల్లా)
ఈ గొడవ మాకు లేదు. మరాఠీలో కూడా మనలాగే రెండున్నాయి, ‘ఆమ్హీ’ అంటే మేము, ‘ఆపణ్’ అంటే మనం. మీ వైపు ఒడియాలో రెండిటికీ ‘ఆమే’ ఒక్కటే కదా, అందుకే మీవాళ్లకి తికమక. సుజాతగారు ‘మేము’ బదులు ‘మనం’ అని రాస్తే సరిపోతుంది.

పద్మ, గుణుపురం
శ్రీనూ, అడిగింది అది కాదు నాయనా. ‘మనం’ అంటే చదివే కమిటీవాళ్లు కూడా వచ్చి పైపు మోసినట్టు అవుతుంది. కానీ నీ మాటవల్ల ఒకటి గుర్తొచ్చింది. సుజాత ముక్కలో చివరి వాక్యం ‘మనం’తో ఉంది. అది వాళ్లు అడగని నీతి. నేను తీసేశాను, మళ్లీ పెట్టొద్దు.

రాయగడ రవి
మేష్టారు చెప్పినట్టు ‘మేము’ అని రాసి నేను ఏటైపోయానో వినండి. ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ని. మోటారు మాటిమాటికీ కాలిపోతుంటే కారణం పట్టుకున్నది నేను. రిపోర్టులో ‘మేము కనుగొన్నాం’ అని రాశాను. నా పైవాడు దాన్నే తీసుకెళ్లి ‘నేను కనుగొన్నాను’ అని చెప్పుకున్నాడు. ప్రమోషను ఆయనకి, నైటు డ్యూటీ నాకు. ‘మేము’ అని రాస్తే దొంగకి తాళం ఇచ్చినట్టే.

పర్లాకిమిడి మాస్టారు
రవీ, నీకు జరిగింది అన్యాయమే. దానికి కారణం నీ పైవాడి గుణం, ‘మేము’ అన్న మాట కాదు. నువ్వు ‘నేను’ అని రాసి ఉంటే ఆ కాగితమే చింపేసేవాడు.

పద్మగారూ, మీరు రాసింది చదివాను. ‘కొలిచాను, చూపించాను.’ మాట మింగినంత మాత్రాన అహం పోతుందా? ‘నేను’ తీసేసి ‘ను’ ఉంచారు, అంతే.

పద్మ, గుణుపురం
పోవాలని ఎవరన్నారు మాస్టారూ? ఆ పిల్ల వారం రోజులు ఎండలో కొండెక్కి కొలిచింది. కొలిచానని చెప్పుకుంటే అహమా? ఎంతో చేసిన ఆడపిల్లలు ‘ఏదో మేమంతా కలిసి’ అని ముడుచుకుపోవడం, ఏమీ చేయనివాళ్లు ‘నా ఆధ్వర్యంలో’ అని రాయడం నాలుగేళ్లు చూశాను. మీరు నేర్పే వినయం మొదటివాళ్లకే ఎక్కుతుంది, రెండోవాళ్లకి ఎక్కదు.

కాశీనగర్ కుర్రాడు
👏👏

పర్లాకిమిడి మాస్టారు
చప్పట్లు ఆపు బాబూ. నా బాధ మీకెవరికీ అర్థం కాలేదు. ఆరుగురిలో ఈ పిల్ల పేరు కనబడాలని మీరంతా కొట్లాడుతున్నారు. కందకం తవ్వింది ఎవరు? కొండమీద రాయి తవ్వడం ఆరుగురివల్ల అయ్యే పనా? ఊరివాళ్లే తవ్వుంటారు. సుజాత ముక్కలో వాళ్లు ‘సహకారం’ అయ్యారు, మీ ముక్కలో ‘పైపులు వేసి’ అనే మాటలో కలిసిపోయారు. మీ ‘నేను’కే కాదు, మీ ‘మేము’కి కూడా నేను ఒప్పుకోను. ఆ ‘మేము’లో ఆ ఊరి సవరవాళ్లు ఉన్నారా, లేరా?

పద్మ, గుణుపురం
ఈ మాట మొదటే అనాల్సింది మాస్టారూ. ఇది సరైన ప్రశ్న. ‘మేము ఆరుగురం’ అని పైన రాశాక, కింద ప్రతి ‘తెచ్చాం’, ‘వేశాం’ ఆ ఆరుగురి ఖాతాలోకే పోతుంది. నేను చూసుకోలేదు. సుజాతా, కందకం ఎవరు తవ్వారు? పైపులు ఎవరు అతికారు?

సుజాత
కందకం ఊరివాళ్లే తవ్వారు, ఇంటికొకరు చొప్పున పదకొండు రోజులు. అతికింది మా జట్టులో ప్లంబరు పని తెలిసిన అబ్బాయి.

మాస్టారూ, మీరు అడిగారు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. పై ఊట ఏ ఎండాకాలమూ ఆగదని మొదట చెప్పింది ఆ ఊరి పెద్దామె. మేమెవరం పట్టించుకోలేదు, దూరం అన్నాం. ఆమె మాట నిజమో కాదో చూద్దామనే కొలవడం మొదలుపెట్టాను. ఇది పైన రాయలేదు. రాస్తే నా వంతు తగ్గిపోతుందేమో అనిపించింది.

కాశీనగర్ కుర్రాడు
రాయకండి అక్కా! ఊట కనిపెట్టింది ఆమే అయితే మీకు మిగిలిందేంటి?

పద్మ, గుణుపురం
మిగిలింది కొలత. తమ్ముడూ, కమిటీలో ఉన్నదాన్ని చెబుతున్నాను, ఆమెను పెడితేనే సుజాత వంతు తేటపడుతుంది. ‘పై ఊట ఎండదని ఊరి పెద్దామె చెప్పింది. దూరమని మేము కొట్టేశాం. ఆ మాట తేల్చుకోవడానికి వారం రోజులు రెండు ఊటలూ కొలిచాను.’ ఇప్పుడు సుజాత ఎందుకు కొలిచిందో తెలుస్తోంది. జట్టంతా కొట్టేసిన మాటను అందులోనే ఒకరు వెళ్లి పరీక్షించారని తెలుస్తోంది. ముందు రాసినదాంట్లో ఆ బుద్ధి ఎక్కడినుంచి పుట్టిందో లేదు.

చివర కూడా మార్చు. ‘ఇంటికొకరు చొప్పున ఊరివాళ్లు పదకొండు రోజులు కందకం తవ్వారు. పైపులు మా జట్టులోని ప్లంబరు అతికాడు. 42 ఇళ్లకు నీళ్లు వచ్చాయి.’ ఇక్కడ ‘వచ్చాయి’ అనడం తప్పించుకోవడం కాదు, ఎవరు తెచ్చారో పైన ఒక్కొక్కరినీ చెప్పేశావు కాబట్టి. ఎండాకాలంలో కూడా సరిపోతున్నాయని మాత్రం రాయకు, పైపు వేశాక నువ్వు మళ్లీ కొలిచి ఉంటే తప్ప.

సుజాత
కొలవలేదక్కా. అది రాయను.

పర్లాకిమిడి మాస్టారు
ఆ పెద్దామెను పెట్టారు, సంతోషం. ‘చూపించాను’ అన్నదగ్గర నాకింకా ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఊరివాళ్లకి వాళ్ల ఊట సంగతి ఈ పిల్ల చూపించడమేమిటి?

పద్మ, గుణుపురం
ఊరివాళ్లకి కాదు మాస్టారూ, తన ఐదుగురికీ చూపించింది. అలాగే రాస్తే సరి: ‘లెక్క కట్టి మా జట్టుకి చూపించాను.’

పర్లాకిమిడి మాస్టారు
అలా అయితే పర్వాలేదు. నేనైతే రాయను. నువ్వు రాసుకో అమ్మా.

రాయగడ రవి
సుజాతమ్మా, పంపే ముందు మిగతా ఐదుగురికీ చదివి వినిపించు. రేపు వాళ్లలో ఎవడైనా ఇదే పని మీద దరఖాస్తు పెట్టి ‘కొలిచాను’ అని రాస్తే?

సుజాత
నిన్న రాత్రి గ్రూపులో పెట్టాను రవన్నా. నలుగురు సరే అన్నారు. ఒకబ్బాయి మాత్రం, రెండు రోజులు బకెట్టు పట్టుకుంది తనేనని అన్నాడు. నిజమే, జ్వరమొచ్చి ఆ రెండు రోజులు నేను వెళ్లలేదు. ‘వారం రోజులు’ తీసేసి ‘ఐదు రోజులు కొలిచాను, మిగతా రెండు రోజులు నా స్నేహితుడు కొలిచాడు’ అని రాశాను. 109 మాటలు అయింది.

కాశీనగర్ కుర్రాడు
ఆ రెండు రోజులు కూడా రాయాలా అక్కా?

సుజాత
కొలతల పుస్తకంలో ఆ రెండు రోజులూ అతని చేతిరాతే ఉంది తమ్ముడూ.