కారు నాన్న పేరున, నడిపేది నేను: 15 లక్షల కవర్ ఎవరికి వర్తిస్తుంది?

మాది తిరుపతి, కారు ఆర్సీ, పాలసీ రెండూ నాన్న పేరునే ఉన్నాయి. ఆయనకు లైసెన్సు ఉంది కానీ చూపు తగ్గి నడపడం మానేశారు, కాణిపాకం వెళ్లినా వేలూరు ఆసుపత్రికి వెళ్లినా నేనే నడుపుతాను, అమ్మ, నా భార్య వెనక కూర్చుంటారు. వచ్చే వారం రెన్యూవల్. పాలసీలో ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ 15 లక్షలు అని ఉంది, ఏజెంటేమో "అందరికీ వస్తుందన్నా" అంటున్నాడు.

నాకు అర్థమైనంతవరకు అది లైసెన్సున్న రిజిస్టర్డ్ ఓనర్‌కే, అదీ మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే, ఆసుపత్రి బిల్లులకు కాదు. అంటే రాత్రి పూట నేను డివైడర్‌ను గుద్దితే, ఎదుటి బండే లేదు కాబట్టి ఇంకొకరి ఇన్సూరెన్స్ మీద క్లెయిమ్ వేయలేం, నాకు ఈ 15 లక్షల్లో రూపాయి కూడా రాదు. మాది ఉత్తి థర్డ్ పార్టీ పాలసీ, కాబట్టి అమ్మవాళ్లకు కూడా దాన్నుంచి వస్తుందని నమ్మకం లేదు. అదే నా టెన్షన్.

పేరు లేని ప్రయాణికుల కవర్ మనిషికి 2 లక్షల వరకు కలుపుకోవచ్చట, ప్రీమియం కూడా తక్కువే. కానీ ఓనర్ కాకుండా, జీతం డ్రైవర్ కాకుండా స్టీరింగ్ పట్టుకున్న కొడుకుని అందులో ప్రయాణికుడిగా లెక్కేస్తారా? లేకపోతే ఆర్సీ నా పేరుకు మార్చుకోవాలా, నాకు విడిగా యాక్సిడెంట్ పాలసీ తీసుకుంటే చాలా? ఇలాంటి క్లెయిమ్ వేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.